రసీదు వెనకవైపు

14 సెప్టెంబర్ 2025, ఆదివారం

పొద్దున్నే కాజీపేట నుంచి తమ్ముని బిడ్డ వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టింది. కింద రెండు ముక్కలు: "పెద్దబాపూ, ఎంత కడితే వస్తది? ఎంగిలిపూల నాటికి మెడల ఉండాలె." మార్చిలో ఒక ప్రైవేటు ఫైనాన్సు కంపెనీలో హారం, ఒక జత కమ్మలు కుదువ పెట్టింది. ఆ రసీదు ఫొటో అది. ఎంగిలిపూల బతుకమ్మ వచ్చే ఆదివారమే.

బ్యాంకులో బంగారం లోన్ల కౌంటరు మీద కూర్చుని దిగిపోయిన వాణ్ణి కాబట్టి ఇంటిల్లిపాదికీ, వీధికీ ఇలాంటి ఫొటోలు నాకే వస్తాయి. అందరూ అడిగేది ఒక్క అంకె. ఆ అంకె మాత్రం రసీదు మీద ఎక్కడా ఉండదు. ఎందుకంటే విడిపించే రోజును బట్టి అది మారుతుంది. రసీదు ఇచ్చేది అసలు, వడ్డీ రేటు, గడువు, తేదీ. మిగతా లెక్క మనం కట్టుకోవాల్సిందే.

ఈ ఫొటో ట్యూబులైటు కింద తీసింది. పర్సులో పెట్టిన కాయితం నాలుగు మడతలు పడి ఉంది. ఒక మడత సరిగ్గా వడ్డీ గడి మీదే పడింది. పైన చేతి నీడ. ప్రింటు రిబ్బను ఇంకు అయిపోవచ్చినట్టుంది, 0 ఏదో 6 ఏదో తేలడం లేదు. అప్పు 1,40,000 లాగా ఉంది, 1,46,000 అన్నా నమ్మొచ్చు.

ఇలాంటప్పుడు కళ్ళజోడు తుడుచుకుని లాభం లేదు. రసీదులో ఒక గడికి ఇంకో గడి సాక్ష్యం చెబుతుంది, ఆ సాక్ష్యం పట్టుకోవాలి. మొత్తం తూకం 26.350 గ్రాములు. రాళ్ళకు, లక్కకు తీసేసింది 2.350. మిగిలిన నికర తూకం 24.000. తీసివేత సరిపోయింది కాబట్టి ఈ మూడు అంకెలూ నిజం. గ్రాముకు ఇచ్చింది 5,850 అని ఉంది. 24ను దానితో హెచ్చవేస్తే 1,40,400. అంటే ఇవ్వగలిగిన గరిష్ఠం అది, ఇచ్చింది 1,40,000. 1,46,000 ఇచ్చే వీలే లేదు. కింద అక్షరాల్లో రాసిన మొత్తం కూడా లక్షా నలభై వేలే. అసలు తేలింది.

గడువుకీ అదే పద్ధతి. అప్పు తేదీ 10-03-2025, గడువు తేదీ 10-03-2026, మధ్యలో '12' అన్న అంకె. అది నెలలు. మడత కింద ఇంకో '12' సగం కనిపిస్తోంది, దాని పక్కన శాతం గుర్తు ఉన్నట్టుంది. ఫొటోలు చూసి లెక్క చెప్పేవాళ్ళు తడబడేది ఇక్కడే. ఒకే అంకె రెండు గళ్ళలో ఉంటే నెలల పన్నెండును వడ్డీ పన్నెండు అనుకుని ముందుకు పోతారు.

కాయితాన్ని బల్ల మీద సాపుగా పరిచి, కిటికీ వెలుతురులో, ఫ్లాష్ వేయకుండా, నాలుగు మూలలూ పడేట్టు మళ్ళీ తీయమన్నాను. వెనకవైపు కూడా తీయమన్నాను. "వెనక ఏముంది పెద్దబాపూ, అన్ని రూల్సే" అంది. ఆ రూల్సే కావాలె బిడ్డా అన్నాను.

15 సెప్టెంబర్, సోమవారం

రెండు ఫొటోలు వచ్చాయి. ముందువైపు వడ్డీ గడిలో 12.00 అని స్పష్టంగా ఉంది. దాని నెత్తిన చిన్న చుక్క గుర్తు. ఆ చుక్క పట్టుకుని వెనక్కి పోతే అడుగున మూడు వరుసల పట్టీ ఉంది: 90 రోజుల దాకా 12 శాతం, 180 రోజుల దాకా 16, ఆ పైన 22. దాని కింద ఆవగింజంత అక్షరాల్లో, బకాయి ఉన్న వడ్డీకి వర్తించే రేటు రుణ తేదీ నుంచి లెక్కిస్తారని.

ఆ 'రుణ తేదీ నుంచి' అన్న మాట మీదే లెక్కంతా తిరుగుతుంది. మామూలుగా మనం అనుకునేది ఏమిటంటే మొదటి మూడు నెలలకు 12, తర్వాతి మూడు నెలలకు 16, ఆ తర్వాత 22 అని. అలా మెట్లు మెట్లుగా వేస్తే ఇవాళ్టికి వడ్డీ 10,425 అవుతుంది. ఈ కాయితం చెప్పేది అది కాదు. 181వ రోజు వచ్చిందంటే మొదటి రోజు నుంచీ 22 శాతమే. ఇవాళ్టికి 189 రోజులు:

```
140000 × 22/100 × 189/365 = 15948
```

ముందువైపు 12ను నమ్ముకుని వేస్తే వచ్చేది 8,699. ఒకే కాయితం, ఒకే అప్పు, ముందువైపు చదివిన వాడికీ వెనకవైపు చదివిన వాడికీ ఏడు వేల పైన తేడా.

180వ రోజు ఈ నెల 6, శనివారం. ఆ రోజు కట్టి ఉంటే 16 శాతం మీద 11,047. తెల్లారి ఆదివారం నాటికి 15,273. ఒక్క రాత్రికి నాలుగు వేల రెండు వందల పైన. అప్పు తీసుకునే రోజు అధికారి 12 అని చెప్పి ఉంటాడు, అది అబద్ధం కాదు. మొదటి తొంభై రోజుల్లో తెచ్చుకునే వాళ్ళకు నిజంగా 12. అయితే ఆడబిడ్డ హారం కుదువ పెట్టే ఇల్లు తొంభై రోజుల్లో తేరుకుంటుందా అన్నది కంపెనీకీ తెలుసు, మనకూ తెలుసు.

ఇంకో రెండు సంగతులు చూశాను. కట్టని వడ్డీని నెల నెలా అసలులో కలిపి దాని మీద మళ్ళీ వడ్డీ వేసే పథకాలు ఉన్నాయి. ఈ పట్టీ కింద ఆ మాట లేదు కాబట్టి బారువడ్డీయే. అప్పిచ్చిన రోజునూ విడిపించే రోజునూ రెంటినీ లెక్కలో వేసుకుంటే ఒక రోజు ఎక్కువవుతుంది. ఈ అప్పు మీద ఇప్పుడు ఒక రోజు ఖరీదు 84 రూపాయలు. తగాదా పడేంత కాదు, మన లెక్కకూ వాళ్ళ లెక్కకూ 84 తేడా వస్తే ఎందుకో తెలిసి ఉంటే చాలు.

బిడ్డకు ఫోన్ చేసి, ఈ కాయితం ఒక్కటే చూస్తే లక్షా యాభై ఆరు వేలు పట్టుకోవాలని చెప్పాను. గుండె జారినట్టుంది, కాసేపు మాట లేదు. మధ్యలో ఏమన్నా కట్టిండ్రా అని అడిగాను. ఆయనను అడిగి చెప్తానంది.

16 సెప్టెంబర్, మంగళవారం

చౌరస్తా దగ్గర చాయ్ తాగుతుంటే మా సందు చివరి టైలరు తన ఫోను తీశాడు. అందులో తాకట్టు దుకాణం చీటీ ఫొటో. చేత్తో రాసింది. ఉంగరం, 20,000, పక్కన '2'. శాతం గుర్తు లేదు, నెల అని గానీ ఏడాది అని గానీ లేదు. కంపెనీ రసీదులకు అలవాటుపడ్డ కొడుకు దాన్ని ఏడాదికి రెండు శాతం అనుకున్నాడట. ఆ రెండు నూటికి నెలకు రెండు రూపాయలు. ఏడాదికి 24 శాతం అన్నమాట. పైగా సేటు దగ్గర నెల ప్రవేశిస్తే నెలంతా పడ్డట్టే. మూడు నెలల నాలుగు రోజులైంది కాబట్టి నాలుగు నెలల మిత్తి, నెలకు 400 చొప్పున 1,600. "ఆ నాలుగు రోజులు ముందే రావాల్నా మరి" అన్నాడు టైలరు. అవును, అంతే.

ఇంటికొచ్చాక బిడ్డ రసీదు మళ్ళీ తీశాను. ఇంకో లెక్క చేయబుద్ధయింది. రిజర్వు బ్యాంకు జూన్ 6న బంగారం, వెండి తాకట్టు అప్పుల మీద కొత్త ఆదేశాలు ఇచ్చింది. వచ్చే ఏప్రిల్ 1 లోపు అందరూ అమలు చేయాలి. ఇప్పుడు నగ విలువలో నూటికి 75 దాకా ఇస్తున్నారు. కొత్త లెక్కలో రెండున్నర లక్షల లోపు అప్పులకు 85 దాకా ఇవ్వొచ్చు. పేపర్లో చదివిన వాళ్ళంతా ఇక ఎక్కువ డబ్బు వస్తుందని సంబరపడ్డారు. గడువు చివర ఒకేసారి తీర్చే అప్పులకు మాత్రం ఆ 85ను అసలు మీద చూడరు, గడువు నాటికి వడ్డీతో కలిపి తీర్చాల్సిన మొత్తం మీద చూస్తారు.

బిడ్డ రసీదులో గ్రాము విలువ 7,850 అని కట్టారు, 24 గ్రాములకు 1,88,400. అందులో 85 శాతం 1,60,140. ఇప్పుడున్న అప్పు ఏడాది ఆగితే 22 శాతం మీద 30,800 వడ్డీ కలిసి 1,70,800 అవుతుంది. అది హద్దు దాటింది. కొత్త పద్ధతిలో ఇదే రేటుకు ఆమెకు ఇవ్వగలిగేది 1,31,000 చిల్లర. శాతం పెరిగి, చేతికొచ్చే డబ్బు తగ్గడం! రేటు ఎంత ఎక్కువైతే ఇచ్చేది అంత తగ్గుతుంది. ఈ నిబంధన రాసినవాడికి రసీదు వెనకవైపు తెలుసు.

17 సెప్టెంబర్, బుధవారం

అల్లుడు యూపీఐ స్క్రీన్‌షాట్ పంపాడు. జూన్ 7న 4,000 రూపాయలు ఆ కంపెనీకి కట్టాడు. "మిత్తి కట్టిన మామా, శ్లాబు మళ్ళ మొదటికి రావాలె గద" అన్నాడు. కుర్రవాడు వెనకవైపు కొంత చదివాడు, సంతోషం. నిజమే, బకాయి వడ్డీ మొత్తం కట్టిన రోజు నుంచి రోజుల లెక్క కొత్తగా మొదలవుతుందని అందులో ఉంది. వడ్డీ 'మొత్తం' కట్టాలని కూడా ఉంది.

జూన్ 7కి 89 రోజులు. ఇంకా 12 శాతం వరుసలోనే ఉన్నారు. వడ్డీ ఎంతో చూశాను:

```
140000 × 12/100 × 89/365 = 4096.44
```

పై రూపాయికి సరిచేస్తే 4,097. కట్టింది 4,000. తక్కువైంది 97.

ఆ 97 రూపాయల వల్ల రోజుల లెక్క మొదటికి రాలేదని కంపెనీ అంటే ఆ 4,000 బకాయిలోంచి తగ్గడానికే పనికొస్తుంది, రేటు 22 లోనే ఉంటుంది. వచ్చిందని ఒప్పుకుంటే జూన్ 7 నుంచి ఇవాళ్టికి 102 రోజులు, 16 శాతం వరుస. రేపు వెళ్తాం కాబట్టి రెండు లెక్కలూ రేపటి తేదీకి వేసుకున్నాను. మొదటి దారిలో 192 రోజులకు వడ్డీ 16,202, అందులో 4,000 పోతే 12,202. రెండో దారిలో 103 రోజులకు 6,321. నడుమ 5,881.

బ్యాంకులో ఉన్నప్పుడు గుండుసున్నలు చుట్టి కట్టడం చాలాసార్లు చూశాను. 4,097 అంటే చిల్లర ఎందుకని నాలుగు వేలు పంపుతారు. కౌంటరు దగ్గర మనిషి ఉంటే ఇంకో వంద ఇవ్వమని చెప్పేవాడు. ఫోనులో కట్టినప్పుడు ఆకుపచ్చ టిక్ వస్తుంది, అందరూ అక్కడికి ఆగుతారు. ఎంత బకాయికి ఎంత జమ అయిందో చూసేవాళ్ళు తక్కువ.

అసలు రసీదు ఫొటోలో ఈ 4,000 లేదు, ఉండదు. అందుకే అప్పు రసీదు ఒక్కటి చూసి విడుదల మొత్తం చెప్పకూడదు. మధ్యలో కట్టిన ప్రతి కాయితం, లేదంటే కంపెనీ ఇచ్చే ఖాతా పట్టిక పక్కన ఉండాలి.

18 సెప్టెంబర్, గురువారం

అందరం బ్రాంచికి పోయాం. పెట్టినామే రావాలి, ఆధార్ తేవాలి, రసీదు అసలుది కావాలి. ఫోనులో ఫొటో లెక్కలకే పనికొస్తుంది, నగ మాత్రం ఇవ్వరు. రసీదు పోతే పూచీ పత్రం రాసి ఇవ్వాల్సి వస్తుంది.

ముందు ఖాతా పట్టిక అడిగాను. మొదట నోటితో అంకె చెప్పారు: 1,52,320. కాయితం మీద కావాలంటే ప్రింటు తీశారు. అసలు 1,40,000. వడ్డీ 192 రోజులకు 22 శాతం, 16,201.64. జూన్ 7 జమ 4,000. నోటీసు ఖర్చు జీఎస్టీతో 118. పైసలు సరిచేస్తే వాళ్ళు చెప్పిందే. రోజుల లెక్కలో కూడా రెండు చివర్లూ కలపలేదు. అంటే మొదటి దారి.

97 సంగతి ఎత్తితే, సిస్టంలో అలా పడిపోయింది, మా చేతిలో లేదన్నాడు ఆ అబ్బాయి. మర్యాదగానే చెప్పాడు. అప్పు రోజు సంతకం పెట్టిన ముఖ్య వివరాల పత్రం నకలు అడిగాను. 2024 అక్టోబర్ 1 నుంచి ఇలాంటి అప్పులన్నిటికీ ఆ పత్రం ఇవ్వాలి, వార్షిక రేటు అందులో ఉండాలి. తీసి ఇచ్చాడు. అందులో వడ్డీ 22.00 అనే ఉంది! 12, 16 అన్నవి సమయానికి కట్టినవాళ్ళకు ఇచ్చే తగ్గింపులుగా కింద రాసి ఉన్నాయి. రసీదు ముందువైపు మాత్రం 12 ఒక్కటే. బిడ్డ ఆ పత్రం చూడటం ఇదే మొదటిసారి, సంతకం ఆమెదే.

ఎంగిలిపూలకు మూడు రోజులుంది, తులం లక్ష దాటి కూర్చుంది. తగాదా తేలేదాకా నగ వాళ్ళ దగ్గర ఉంచితే రోజుకు 84 పోతుంది. కట్టేయమన్నాను. కట్టేటప్పుడు మాత్రం అదనంగా తీసుకున్న వడ్డీ మీద అభ్యంతరం ఉంచుకుని కడుతున్నామని పట్టిక మీద రాయించి, బిడ్డతో సంతకం చేయించి, నకలు తీసుకున్నాను.

డబ్బు జమయ్యాక గంటన్నరకు సంచీ వచ్చింది. సీలు మీద అప్పు నంబరు, రసీదు మీద నంబరు సరిచూశాం. తెరిచింది మా ముందే. తీసుకున్నట్టు సంతకం చేయకముందే తూచమన్నాను. హారం, కమ్మలు కలిపి త్రాసు మీద పెడితే 26.35 చూపించింది, వాళ్ళ త్రాసులో మూడో అంకె లేదు. రసీదులో మొత్తం తూకంతో పోల్చాలి, నికర తూకంతో కాదు. రాళ్ళూ లక్కా నగలోనే ఉంటాయి కదా. నికర తూకంతో పోల్చిన వాడికి ఎప్పుడూ ఎక్కువే వచ్చినట్టు కనిపిస్తుంది, నిజంగా తగ్గినా తెలియదు. రాళ్ళు కూడా లెక్కపెట్టింది బిడ్డ. రసీదులో రాళ్ళ సంఖ్య రాయలేదు, ఆమెకు మాత్రం నోటికి వచ్చు.

ఆ తూకం గడి విలువ మా జిల్లాల వాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. నిరుడు నవంబర్‌లో రాయపర్తి స్టేట్ బ్యాంకులో దొంగలు పడి దాదాపు 19 కిలోల కుదువ నగలు ఎత్తుకెళ్ళారు. అప్పుడు బ్యాంకు ముందు నిలబడ్డ రైతులు పిడికిట్లో పట్టుకున్నది ఇలాంటి రసీదులే. ఏ నగ, ఎన్ని గ్రాములు అన్నది వాళ్ళ వైపు నుంచి చెప్పే కాయితం అదే. అది వెలిసిపోయే ఇంకుతో ఉంటుంది కాబట్టి తెచ్చిన రోజే రెండువైపులా ఫొటో తీసి పెట్టుకోవాలి. ఫొటో అసలు పని అది.

19 సెప్టెంబర్, శుక్రవారం

ఉత్తరం రాశాను. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి వెళ్ళాలి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో పెట్టొచ్చు. నేరుగా అక్కడికి పోతే ముందు కంపెనీని అడిగారా అని వెనక్కి పంపుతారు.

మొత్తం కథ రాయలేదు. మూడు ప్రశ్నలు పెట్టాను. జూన్ 7న 4,000 జమ అయినప్పుడు ఇంకా 97 బాకీ ఉందని ఖాతాదారుకు ఏ తేదీన, ఎలా తెలియజేశారు? ముఖ్య వివరాల పత్రంలో రేటు 22 ఉండగా రసీదు ముందువైపు 12 ఒక్కటే ఎందుకు అచ్చువేశారు? ఆ పత్రం ఆమెకు చదవగలిగిన భాషలో ఇచ్చారా? అడిగేది 5,784 రూపాయలు. 5,881 లోంచి మేం కట్టని 97 తీసేసి రాశాను. మన వైపు తప్పును మనమే లెక్కలో వేసుకుంటే అవతలివాడు దాని మీద వేలు పెట్టడానికి ఉండదు.

వస్తాయా అని బిడ్డ అడిగింది. నిబంధన వాళ్ళు రాసిపెట్టారు, సంతకం నువ్వు చేశావు, కాబట్టి మొత్తం రాకపోవచ్చునని చెప్పాను. మొదటి ప్రశ్నకు తేదీ చూపించలేకపోతే మాత్రం మాట్లాడటానికి జాగా ఉంటుంది. రసీదు రెండు వైపులు, స్క్రీన్‌షాట్, ఖాతా పట్టిక, పత్రం నకలు జతచేశాను. అల్లుడు రేపు పోస్టాఫీసులో రిజిస్టర్ చేస్తానన్నాడు.